నూనెలో వెల్లుల్లి, సీసాలో బొటులిజం: ఆవకాయకు లేని ప్రమాదం దీనికెందుకు?

ఈ మధ్య వంటల రీల్స్‌లో ఒక సీసా తరచుగా కనిపిస్తోంది. ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు, పక్కన ఏదో ఒక ఆకు, అవి మునిగేదాకా నూనె. కిటికీ పక్కన ఎండ పడేలా పెట్టి ఫొటో తీస్తారు. కింద కామెంట్లలో రెండు వర్గాలు. ఒకరు “బయట పెట్టకండి, బొటులిజం వస్తుంది” అంటారు. ఇంకొకరు వెంటనే “మా అమ్మమ్మ ఆవకాయ ఏడాది పొడవునా జాడీలో బయటే ఉంటుంది, అదీ నూనెలోనే కదా” అని ఎదురు అడుగుతారు.

రెండో ప్రశ్న అసలైన ప్రశ్న. దానికి సరైన జవాబు దొరికితే మొదటి హెచ్చరిక ఎందుకో కూడా అర్థమవుతుంది. చాలామంది “ఆవకాయ వేరు, ఇది వేరు” అని ఊరుకుంటారు. ఎలా వేరో చెప్పరు.

బొటులిజం అంటే ఏమిటి

మట్టిలో, చెరువుల అడుగున ఉండే బురదలో క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బాక్టీరియా ఉంటుంది. దానికి గాలిలోని ఆక్సిజన్ గిట్టదు. పరిస్థితులు బాగాలేనప్పుడు అది స్పోర్‌గా మారుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే సిద్ధబీజం అంటారు. గట్టి పెంకు వేసుకుని పడుకున్న గింజ అనుకోవచ్చు. తినదు, పెరగదు, విషం కూడా తయారుచేయదు. నీళ్లు మరిగే వేడిలో గంటల తరబడి ఉన్నా కొన్ని రకాల స్పోర్లు చావవు.

ఈ స్పోర్లను మనం అప్పుడప్పుడూ తింటూనే ఉంటాం. మట్టిలో పండిన ఏ దుంప మీదైనా, ఏ ఆకు మీదైనా ఒకటో రెండో ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తకుండానే బయటికి పోతాయి. (ఏడాది లోపు పిల్లల పేగుల్లో మొలకెత్తగలవు. పసిపిల్లలకు తేనె నాకించవద్దని డాక్టర్లు చెప్పేది అందుకే.)

చిక్కంతా ఆ స్పోర్ మనం తినకముందే, సీసాలోనే మొలకెత్తితే వస్తుంది. మొలకెత్తిన బాక్టీరియా పెరుగుతూ ఒక విషాన్ని విడుదల చేస్తుంది. మనకు తెలిసిన విషాల్లో దీనికంటే తీవ్రమైనది దాదాపు లేదు. డెబ్భై కిలోల మనిషిని చంపడానికి నోటి ద్వారా 70 మైక్రోగ్రాములు సరిపోతుందని అంచనా. అంటే ఇంచుమించు ఒక్క ఉప్పు రవ్వ బరువు. ముఖం మీద ముడతలు పోవడానికి వేసే బొటాక్స్ ఇంజెక్షన్‌లో ఉండేది ఈ విషమే, అతి స్వల్ప మోతాదులో.

నరం నుంచి కండరానికి “కదులు” అనే కబురు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా వెళుతుంది. నరం చివర్లో ఆ రసాయనాన్ని బయటికి వదిలే ప్రొటీన్లను ఈ విషం కత్తిరిస్తుంది. కబురు అందని కండరం సడలిపోతుంది. పక్షవాతం పైనుంచి కిందికి దిగుతుంది. ముందు కనురెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నోరు ఎండిపోతుంది, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. తర్వాత మెడ, చేతులు, ఛాతీ. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటర్ తప్పదు. ఇంత జరుగుతున్నా జ్వరం రాదు, స్పృహ పోదు. సాధారణంగా తిన్న 12 నుంచి 36 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి, కొందరిలో వారం పైన కూడా పడుతుంది.

యాంటీటాక్సిన్ అనే మందు ఉంది. అది రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది, నరంలోకి అప్పటికే చేరినదాన్ని వెనక్కి తీయలేదు. అందుకే ఎంత ముందు గుర్తిస్తే అంత మేలు. నరాల చివర్లు మళ్లీ చిగురించి కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది.

వాంకూవర్, 1985: ఎనిమిది నెలలు బయట ఉన్న సీసాలు

వెల్లుల్లికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం ప్రపంచానికి తెలిసింది కెనడాలో. 1985 వేసవిలో వాంకూవర్‌లోని ఒక రెస్టారెంట్‌లో భోంచేసిన 36 మందికి బొటులిజం వచ్చింది. అయితే ఆ సంగతి వాంకూవర్‌లో బయటపడలేదు. అక్కడ తిని, మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మాంట్రియల్‌కు తిరిగి వెళ్లిన ఒక తల్లికీ ఆమె ఇద్దరు కూతుళ్లకూ ఒకేసారి రెప్పలు వాలి, మింగుడు పడకపోవడంతో అక్కడి డాక్టర్లు అనుమానించారు. అప్పుడు వెనక్కి తవ్వితే మిగతా కేసులు దొరికాయి.

వాళ్లలో చాలామందికి అప్పటిదాకా సరైన రోగనిర్ధారణే జరగలేదు. కొందరికి వైరస్ జ్వరమన్నారు, కొందరికి మయస్థీనియా అనే కండరాల జబ్బన్నారు, కొందరికి మానసిక సమస్య అన్నారు. ఆ 36 మందీ మూడు దేశాలకు చెందినవాళ్లు, ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. ఒక్కో డాక్టరు దగ్గరికి ఒక్కో రోగి వెళ్లినప్పుడు ఇది కలుషితాహారమని ఎవరికి తడుతుంది? అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు.

కారణం వెతుక్కుంటూ పోతే రొట్టెకు రాసే వెల్లుల్లి వెన్న దగ్గర ఆగింది. ఆ వెన్న కోసం వాడినది ఫ్యాక్టరీలో తరిగి సోయా నూనెలో నింపిన వెల్లుల్లి. అందులో ఆమ్లం కలపలేదు. నూనె, వెల్లుల్లి, అంతే. ఫ్రిజ్‌లో పెట్టాలని సీసా మీద రాసి ఉంది. రెస్టారెంట్‌లో మాత్రం ఆ సీసాలు ఎనిమిది నెలలు బయటే ఉన్నాయి.

తర్వాత అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో ఇదే పరిస్థితిని తిరిగి సృష్టించారు. తరిగిన వెల్లుల్లి సీసాల్లో కొద్దిపాటి స్పోర్లు వేసి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే, కొద్ది వారాల్లోనే విషం తయారైంది. వాళ్లకు కలవరం కలిగించింది విషం రావడం కాదు, బాగా విషపూరితమైన సీసా కూడా చూడ్డానికీ వాసనకూ మామూలుగానే ఉండటం. 35 డిగ్రీలంటే మనకు ప్రయోగశాల అక్కర్లేదు. ఏప్రిల్‌లో విజయవాడలో ఏ వంటింటి అలమారులోనైనా ఉండే వేడి అదే.

1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో ఇంకో ముగ్గురికి వచ్చింది. అక్కడా నూనెలోని తరిగిన వెల్లుల్లే, దానితో చేసిన గార్లిక్ బ్రెడ్డే. నూనె మాత్రం మారింది, అది ఆలివ్ నూనె. ఆ ఘటన తర్వాత ఎఫ్‌డీఏ కేవలం ఫ్రిజ్‌నే నమ్ముకున్న నూనె-వెల్లుల్లి సీసాలను అమ్మకుండా ఆపింది. ఆమ్లంలాంటి ఇంకో అడ్డు తప్పనిసరిగా ఉండాలంది.

నూనె లోపల జరిగేదేమిటి

ఈ బాక్టీరియా పెరగాలంటే నాలుగు కావాలి: తడి, గాలి లేకపోవడం, పులుపు తక్కువగా ఉండటం, వెచ్చదనం. వెల్లుల్లి సీసాలో ఈ నాలుగూ ఎలా సమకూరుతాయో చూద్దాం.

నూనెలో నీరు ఉండదు కాబట్టి నూనెలో ఏదీ పెరగదు అనుకుంటాం. మాట నిజమే. బాక్టీరియా నూనెలో పెరగదు. అది పెరిగేది రెబ్బ మీద, రెబ్బ లోపల. పచ్చి వెల్లుల్లిలో బరువులో ఇంచుమించు అరవై శాతం నీళ్లే. కొత్తిమీర, పుదీనా లాంటి ఆకుల్లో ఇంకా ఎక్కువ. నూనె ఆ నీటిని పీల్చుకోదు, బయటికి పోనివ్వదు. నూనెలో మునిగిన రెబ్బ ఒక చిన్న తడి గదిలా మిగిలిపోతుంది.

ఆ గదికి తలుపు వేసేది కూడా నూనే. బయటి గాలి రెబ్బ దగ్గరికి రావడం తగ్గిపోతుంది. కోసిన వెల్లుల్లి, ఆకు ఇంకా కొంతసేపు బతికే ఉంటాయి, ఊపిరి తీసుకుంటూ మిగిలిన ఆక్సిజన్‌ను వాడేస్తాయి. మిగతా మామూలు సూక్ష్మజీవులు మరికొంత వాడేస్తాయి. బూజు పైకి రావాలన్నా గాలి కావాలి, అదీ లేదు. మామూలుగా ఆహారం పాడైందని మనకు చెప్పే బూజు ఇక్కడ కనిపించదు. పాడుకాని సీసాలా కనిపిస్తుందంటే ఇదీ ఒక కారణం.

ఇక పులుపు. ఎంత పుల్లగా ఉందో కొలిచే సంఖ్యను పీహెచ్ అంటారు. సంఖ్య తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. పచ్చి మామిడికాయ మూడు చుట్టుపక్కల. నీళ్లు ఏడు. బొటులినమ్ పెరుగుదల ఆగిపోయే గీత 4.6. వెల్లుల్లి ఘాటుగా ఉంటుంది కానీ పుల్లగా ఉండదు. దాని పీహెచ్ ఐదున్నర, ఆరు అలా ఉంటుంది. తులసి, కొత్తిమీర లాంటి ఆకులదీ దాదాపు అంతే. నాలుక మీద ఘాటుకూ పీహెచ్‌కూ సంబంధం లేదు.

వెచ్చదనం సంగతి చెప్పక్కర్లేదు. వేడికి గట్టిగా తట్టుకునే రకాలకు అన్నిటికంటే అనుకూలమైనది మన ఒంటి వేడి దగ్గరి ఉష్ణోగ్రత, అంటే 37 డిగ్రీల చుట్టుపక్కల. పది డిగ్రీల కంటే తక్కువలో ఆ రకాలు పెరగవు.

ఒక సీసాను లెక్కవేసి చూస్తే

వంద గ్రాముల ఒలిచిన రెబ్బలు, మూడొందల మిల్లీలీటర్ల వేరుశనగ నూనె అనుకుందాం. రుచికీ నిలవకీ అని ఒక చెంచా ఉప్పు, అంటే అయిదు గ్రాములు వేశాం. ఒక నిమ్మచెక్క కూడా పిండాం. చాలామందికి ఇది సురక్షితం అనిపిస్తుంది.

ఉప్పు నూనెలో కరగదు. అడుగున పేరుకుంటుంది. కొంత రెబ్బల తడికి అంటుకుని కరుగుతుంది. పోనీ, అదృష్టం బాగుండి అయిదు గ్రాములూ రెబ్బల్లోకే సమానంగా దిగిందనుకుందాం. వంద గ్రాముల రెబ్బల్లో అరవై గ్రాముల నీళ్లు. అయిదు గ్రాముల ఉప్పు, అరవై గ్రాముల నీళ్లు కలిస్తే ఆ ఉప్పునీటి గాఢత ఏడున్నర శాతం చిల్లర. బొటులినమ్‌లోని మొండి రకాన్ని ఉప్పు ఒక్కటే ఆపాలంటే ఆ గాఢత పది శాతం ఉండాలి. అన్నీ మనకు అనుకూలంగా జరిగినా గీత దాటలేదు. నిజానికి రెబ్బ మధ్యలో అందులో సగం కూడా చేరకపోవచ్చు.

నిమ్మరసం పరిస్థితి ఇంకా అధ్వానం. అదీ నూనెలో కలవదు. చిన్న చుక్కలుగా విడిపోయి అడుగుకు దిగుతుంది. అడుగున దానికి తగిలిన రెండు మూడు రెబ్బలు పుల్లబడతాయి. పైనున్న రెబ్బలకు దాని వాసన కూడా తగలదు. సీసా మొత్తం కలిపి చూస్తే పులుపు ఉంది, ఒక్కో రెబ్బను చూస్తే లేదు. బాక్టీరియాకు కావలసింది ఒక్క రెబ్బ.

ఆవకాయకు ఏమీ కాదెందుకు

ఇక అమ్మమ్మ జాడీ. ఆవకాయలో నూనె ఉంది కాబట్టి నూనే దాన్ని కాపాడుతోందని మన నమ్మకం. ఆ పేరు కొట్టేసింది నూనె, పని చేసింది మామిడికాయా ఉప్పూ.

కిలో మామిడి ముక్కలకు రెండొందల గ్రాముల పైచిలుకు ఉప్పు పడుతుంది. పచ్చి మామిడిలో ఎనభై అయిదు శాతం దాకా నీరు. లెక్కవేస్తే ఊటలో ఉప్పు గాఢత దాదాపు పంతొమ్మిది శాతం. పది శాతం గీతకు ఇంచుమించు రెట్టింపు. పైగా ముక్కే పుల్లన, పీహెచ్ 4.6కు చాలా కింద. ఈ రెండిట్లో ఏ ఒక్కటున్నా బొటులినమ్ మొలకెత్తదు, ఇక్కడ రెండూ ఉన్నాయి. ఆవపిండి, కారం మిగిలిన తడిని పీల్చుకుంటాయి. నూనె చేసేది బూజు పట్టకుండా పైన గాలిని అడ్డుకోవడం. అదీ అవసరమైన పనే. ముక్క తేలితే బూజు వస్తుందని పెద్దవాళ్లు అంటారు కదా, నూనె కాపలా కాసేది ఆ బూజు రాకుండానే.

మన భాషలోనే దీనికి జవాబు దాగి ఉంది. దాన్ని ఊరగాయ అంటాం. ఊరేది ఉప్పులో, పులుపులో, ఊటలో. తిరగమోత నూనె తర్వాత వస్తుంది. వెల్లుల్లి పచ్చడి పెట్టేవాళ్లు కూడా రెబ్బల్ని ముందు నిమ్మరసంలోనో చింతపండు గుజ్జులోనో ఉప్పుతో ఊరనిస్తారు. పావుకిలో వెల్లుల్లికి రెండొందల మిల్లీలీటర్ల నిమ్మరసం, అరవై గ్రాముల ఉప్పు వేశారనుకోండి. రెబ్బల నీళ్లు, రసం కలిపితే ఉప్పు పదిహేను శాతం దగ్గర తేలుతుంది. రెబ్బ చుట్టూ ఉన్నది నూనె కాదు, పుల్లటి నీరు. నీటి నుంచి నీటికి పులుపు దిగుతుంది. రీల్‌లోని సీసా ఈ ఊరే మెట్టు ఎక్కకుండా నేరుగా నూనెలోకి దూకింది.

ఇటలీ వాళ్ల కథా ఇదే. అక్కడ వంకాయలు, మిరపకాయలు నూనెలో నిలవచేసే పాత సంప్రదాయం ఉంది. పద్ధతి తెలిసిన ఇళ్లలో ముక్కల్ని ముందు ఉప్పు పట్టించి, వెనిగర్‌లో ఉడికించి, పిండి, ఆ తర్వాతే నూనెలో వేస్తారు. యూరప్‌లో బొటులిజం కేసులు ఎక్కువగా నమోదయ్యే దేశాల్లో ఇటలీ ఒకటి. అక్కడ తరచూ దొరికిపోయేది ఇంట్లో నూనెలో పెట్టిన కూరగాయలే.

ఇందులో మనకూ ఒక చిక్కుంది. ఈమధ్య బీపీ భయంతో ఉప్పు సగం చేసి, పులుపు తగ్గించి పెట్టే పచ్చళ్లు వస్తున్నాయి. మామిడికాయకు ఆ మార్పు పెద్దగా అంటదు, ఉప్పు తగ్గినా పులుపు కాస్తుంది. వెల్లుల్లికి, క్యారెట్‌కు, కాకరకాయకు సొంత పులుపు లేదు. ఉప్పు, నిమ్మరసం రెండూ తగ్గించిన వెల్లుల్లి పచ్చడి పేరుకు పచ్చడే, లెక్కకు మాత్రం నూనెలో వేసిన వెల్లుల్లికి దగ్గర. ఇలాంటివి ఫ్రిజ్ వస్తువులు, అలమారువి కావు.

వేయించితే, కాచితే?

ఇక్కడ చాలామంది తడబడతారు, ఎందుకంటే జవాబు రెండు రకాలుగా ఉంది.

విషం వేడికి లొంగుతుంది. 85 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు ఉంటే విరిగిపోతుంది. స్పోర్ లొంగదు. దాన్ని నమ్మకంగా చంపడానికి డబ్బా ఆహారాల ఫ్యాక్టరీలు వాడే కొలత 121 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు, అదీ తడి వేడిలో, పీడనం కింద.

నూనె 150 డిగ్రీలకు కాగుతుంది కదా, స్పోర్ చావదా? నూనె కాగుతుంది, రెబ్బ లోపల కాదు. రెబ్బలో తడి ఉన్నంతసేపు లోపలి వేడి నీళ్లు మరిగే వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మనకు బుడగలు కనిపిస్తున్నాయంటే ఇంకా నీరు ఉందన్నమాట. సన్నమంట మీద గంట, గంటన్నర మెత్తగా ఉడికించే గార్లిక్ కాన్‌ఫీ సరిగ్గా ఈ స్థితిలో ఆగుతుంది. రెబ్బ వెన్నలా మెత్తబడిందంటే అందులో తడి ఉంది. ఆ వేడికి మిగతా పోటీ సూక్ష్మజీవులన్నీ చచ్చాయి, నూనెలో కరిగి ఉన్న గాలీ పోయింది, స్పోర్ మాత్రం మిగిలింది. పచ్చి రెబ్బల సీసా కంటే దానికి ఇది ఇంకా ఖాళీ ఇల్లు.

అదే వెల్లుల్లిని పల్చగా కోసి, బుడగలు పూర్తిగా ఆగి కరకరలాడేదాకా వేయిస్తే కథ వేరు. స్పోర్ అప్పుడూ ఉండవచ్చు, పెరగడానికి నీళ్లు లేవు. కరకరలాడే కరివేపాకు, ఎండుమిర్చి, మన వెల్లుల్లి కారప్పొడి ఈ ప్రమాదంలోకి రాకపోవడానికి కారణం ఎండిపోవడమే. మధ్యలో మెత్తగా మిగిలిన ముక్కలున్న చిల్లీ ఆయిల్ మళ్లీ మొదటి గుంపులోకే వెళుతుంది.

ప్రెషర్ కుక్కర్ మాటేమిటని అడుగుతారు. నూనెలో మునిగిన స్పోర్ నీళ్లలో ఉన్నదానికంటే వేడికి ఎక్కువసేపు తట్టుకుంటుంది. నూనెలోని వెల్లుల్లిని ఇంట్లో కుక్కర్‌లో పెట్టి నిలవచేయడానికి పరీక్షించి ఆమోదించిన పద్ధతి ఇప్పటిదాకా లేదు.

విషం వేడికి విరుగుతుందన్న ఊరట కూడా ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఈ నూనెను ఎక్కువమంది వాడేది చల్లగానే: సలాడ్ మీద, రొట్టె మీద, పిజ్జా మీద. వాంకూవర్‌లో వెన్నగా రాశారు, అంతే.

“ఇన్నాళ్లూ ఏమీ కాలేదు” అన్న మాటలో నిజమెంత

ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. బొటులిజం నిజంగానే అరుదు. ముప్పై మూడు కోట్ల పైన జనమున్న అమెరికాలో ఆహారం వల్ల వచ్చే కేసులు ఏటా రెండు పదుల అటూ ఇటూ. ప్రతి వెల్లుల్లి మీదా స్పోర్ ఉండదు. ఉన్నా ప్రతిసారీ మొలకెత్తదు. వంద సీసాలు బయట పెట్టిన మనిషికి వందసార్లూ ఏమీ కాకపోవచ్చు, అతను అబద్ధం చెప్పడం లేదు.

అయితే అతని అనుభవం చెప్పేది స్పోర్ లేని సీసాల గురించి. ఉన్న సీసా ఏదో ముందుగా తెలియదు. వాసన చూసి తెలుసుకోలేమని పైన ప్రయోగంలో చూశాం. కొన్ని రకాలు గ్యాస్ తెస్తాయి, మూత ఉబ్బుతుంది, కుళ్లు వాసన వస్తుంది. కొన్ని అవేమీ చేయవు. రుచి చూసి తేల్చుకుందామంటే, ఆ చూసే చుక్కే చాలు.

“వెల్లుల్లే క్రిములను చంపుతుంది కదా” అన్నది ఇంకో వాదన. దంచిన వెల్లుల్లిలో పుట్టే అల్లిసిన్ ప్రయోగశాలలో చాలా బాక్టీరియాలను నిలువరిస్తుంది, అదీ నిజమే. కానీ అది నిలకడలేని పదార్థం, రోజులు గడిచేకొద్దీ విరిగిపోతుంది. వేడి తగిలితే దాన్ని పుట్టించే ఎంజైమే పనిచేయదు. వాంకూవర్ సీసాల్లో ఉన్నదీ వెల్లుల్లే.

మన దగ్గర ఎప్పుడూ వినలేదే అన్న సందేహం కూడా ఉంటుంది. భారత్‌లో నమోదైన కేసులు కొద్దే. 1996లో గుజరాత్‌లోని ఒక గురుకుల పాఠశాలలో విద్యార్థులకు వచ్చిన ఇలాంటి జబ్బును, బొటులినమ్‌కు దాయాది అయిన క్లాస్ట్రిడియం బ్యుటిరికమ్ పని అని అనుమానించారు. అక్కడ అనుమానం వెల్లుల్లి మీద కాదు, కారప్పూస లాంటి సేవ్ మీద. మన వంటలో వెల్లుల్లి పోపులో పడి వెంటనే కడుపులోకి పోతుంది, నెలల తరబడి నూనెలో కూర్చోదు. ఇది ఒక కారణం. వాంకూవర్‌లో అంతమందికి పేరు పెట్టలేకపోయిన జబ్బు ఇక్కడ వేరే పేరుతో పోయి ఉండవచ్చన్నది ఇంకో కారణం కావచ్చు. ఏది ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఫ్రిజ్, ఫ్రీజర్, నిమ్మఉప్పు

ఫ్రిజ్ ఈ బాక్టీరియాను చంపదు, నెమ్మదింపజేస్తుంది. మొండి రకాలు పది డిగ్రీల కింద ఆగిపోతాయి. చలికి అలవాటుపడిన ఇంకో రకం మాత్రం మూడు డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరగగలదు. పైగా మన ఫ్రిజ్ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తామో, కరెంటు ఎన్నిసార్లు పోతుందో తెలిసిందే. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇంట్లో చేసిన వెల్లుల్లి నూనెకు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల గడువు పెట్టడం ఇందుకే. గడ్డకట్టించితే నెలలు ఉంటుంది, అక్కడ ఏ రకమూ పెరగదు.

అల్లం వెల్లుల్లి ముద్దకూ ఇదే తర్కం. ఇంట్లో రుబ్బి పైన నూనె పోసిన డబ్బా ఫ్రిజ్‌లో ఉన్నంతవరకు సరే. పైన నూనె ఉంది కదా అని బయట వదిలేస్తే నూనె చేసేది గాలిని ఆపడమే.

బయట పెట్టగలిగే వెల్లుల్లి నూనె అసలు సాధ్యం కాదా అంటే, సాధ్యమే. అమెరికాలోని ఇదాహో విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పద్ధతి పరీక్షించి ఇచ్చారు. వెల్లుల్లిని పావు అంగుళం మించని ముక్కలుగా తరుగుతారు. మూడు శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణంలో, అంటే మన నిమ్మఉప్పు నీళ్లలో, ఒక వంతు వెల్లుల్లికి మూడు వంతుల ద్రావణం చొప్పున తూకం వేసి, కనీసం ఇరవై నాలుగు గంటలు నానబెడతారు. తులసి లాంటి ఆకులైతే ఒక వంతుకు పది వంతులు. ఆ తర్వాత వడకట్టి నూనెలో వేస్తారు. ముక్క చిన్నది కావడం, కొలత తూకంతో ఉండటం, ఒక రోజంతా ఆగడం, ఈ మూడూ కలిస్తేనే ముక్క మధ్యలో కూడా పీహెచ్ 4.6 కిందికి దిగుతుంది. మొత్తం రెబ్బలతో ఆ లెక్క పనిచేయదు.

ఈ పద్ధతిని మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మూడు శాతం, ఇరవై నాలుగు గంటలు, పావు అంగుళం అని ప్రయోగశాల భాషలో రాశారు గానీ, వాళ్లు చేసింది ఊరవేయడమే.

దుకాణంలో కొనే సీసాలు, అల్లం వెల్లుల్లి పేస్టు ప్యాకెట్లు బయట అలమారులో ఉండగలగడం వెనక ఉన్నదీ ఇదే. వెనక్కి తిప్పి పదార్థాల వరస చూస్తే ఉప్పు తర్వాత ఎసిడిటీ రెగ్యులేటర్ అని, పక్కన 330 అనో 260 అనో ఒక సంఖ్య ఉంటుంది. 330 అంటే సిట్రిక్ యాసిడ్, 260 అంటే వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్. అమెరికాలో కొన్న తరిగిన వెల్లుల్లి సీసా మీదైతే ఫాస్ఫారిక్ యాసిడ్ అని కూడా కనిపించవచ్చు. చాలామంది ఆ అంకె చూసి “కెమికల్ కలిపారు” అని పక్కన పెట్టి, ఏమీ కలపని ఇంటి సీసాను నమ్ముతారు. 1985లో వాంకూవర్ రెస్టారెంట్‌లో వాడిన సీసాలోనూ ఏమీ కలపలేదు.